డైలాగ్ కింద అడుగుల చప్పుడు: ఈ తంటా ఎక్కడ మొదలైంది

తెలుగు సినిమాలో హీరో గదిలోకి నడిచొస్తూ మాట్లాడుతుంటే చాలాసార్లు చెప్పులు ఒకచోట, మాట ఇంకోచోట వినిపిస్తాయి. తలుపు పక్కింట్లో మూసుకున్నట్టు ఉంటుంది. అదే తలుపు ఇంకో సీన్లో ధడేల్మని పడి, ఆ సమయానికి చెప్పిన మాటను మింగేస్తుంది. దీన్ని మిక్సింగ్ చేసినవాళ్ల అశ్రద్ధ అని కొట్టిపారేయడం సులువే. కానీ మన దగ్గర మాటనీ చప్పుడునీ వేరువేరుగా పుట్టించే పద్ధతి ఎలా స్థిరపడిందో చూడకపోతే ఈ తేడా ఎందుకొస్తుందో అర్థం కాదు.

సినిమా బొమ్మ చూస్తూ అడుగులు, బట్టల రాపిడి, తలుపులు మనుషులే చేసి రికార్డు చేయడాన్ని ఫోలీ అంటారు. హాలీవుడ్ యూనివర్సల్ స్టూడియోలో పనిచేసిన జాక్ ఫోలీ పేరు మీదే ఆ మాట నిలిచింది. 1927 తర్వాత టాకీల ఊపు మొదలైంది. దాంతో యూనివర్సల్ వాళ్లు మూకీగా తీసిన 'షో బోట్'కు శబ్దం జోడించి 1929లో విడుదల చేశారు. తెర మీద సినిమా నడుస్తుంటే ఫోలీ బృందం దాన్ని చూస్తూ చప్పుళ్లు చేసింది. అదంతా ఒకే ట్రాక్ మీదకు ఎక్కింది. ఒక అడుగు తప్పు పడితే తర్వాత విడిగా దిద్దే వీలు లేదు. కాబట్టి ఏ చప్పుడు ఎంత గట్టిగా రావాలన్నది చేసేవాళ్ల చేతుల్లో, కాళ్లల్లోనే తేలిపోవాలి. మిక్సింగ్ బల్ల మీద ఇప్పుడు మనం చేసే సగం పని అప్పుడు మైకుకు ఎంత దూరంలో నిలబడాలన్న నిర్ణయంతోనే అయిపోయేది.

ఆ రోజుల్లో శబ్దాన్ని ఫిల్మ్ అంచున కాంతి గీతగా ముద్రించేవారు. కాపీ తీసిన ప్రతిసారీ బుస పెరిగేది. ఆ బుస వినపడకుండా థియేటర్లలో పై ఫ్రీక్వెన్సీ శబ్దాలను తగ్గించి వినిపించే పద్ధతిని 1938లో హాలీవుడ్ ప్రమాణంగా పెట్టుకుంది. దాంతో చెప్పుల చప్పుడులోని చురుకు, గొళ్లెం టిక్కుమనడం లాంటివి ఎలాగూ మొద్దుబారిపోయేవి. మాట నడిచేటప్పుడు చప్పుళ్లు దాదాపు తీసేయడమే అప్పటి దారి. పాత సినిమాల్లో మాటలు అంత స్పష్టంగా ఉండడానికి అదొక కారణమని నా అభిప్రాయం. వాటి కింద పెద్దగా ఏమీ ఉండదు.

మన దగ్గర మొదలు వేరేగా ఉంది. 1931లో 'ఆలం ఆరా' తీసినప్పుడు మాట షూటింగ్‌లోనే రికార్డయింది. స్టూడియో పక్కనే రైలు పట్టాలు ఉండడంతో ఎక్కువ భాగం రాత్రిపూట తీశారు. 1932 నాటి మన 'భక్త ప్రహ్లాద' కూడా ఆ తొలి టాకీల కాలానిదే. అలా రికార్డు చేస్తే నటుడి అడుగు నటుడి మాటతో కలిసే వస్తుంది. మైకు నోటివైపు ఉంటుంది కాబట్టి పాదం కాస్త దూరంగా, మెత్తగా వినపడుతుంది. అంటే అడుగు మాట కింద ఎంత ఉండాలో ఆ గదే నిర్ణయిస్తుంది.

తర్వాత తేలికైన ఆరిఫ్లెక్స్ కెమెరాలు వచ్చి అవుట్‌డోర్ షూటింగులు పెరిగాయి. ఆ కెమెరాలు బరబరమని మోగేవి. చుట్టూ చూడవచ్చిన జనం, పెద్ద గొంతుతో సూచనలిచ్చే డైరెక్టర్, వేరే భాష నుంచి వచ్చిన నటులు, వీటన్నిటితో లొకేషన్ శబ్దం పనికిరాకుండా పోయింది. దాన్ని పైలట్ ట్రాక్‌గా, అంటే డబ్బింగ్‌కు ఆధారంగా మాత్రమే వాడారు. మాటలు తర్వాత డబ్బింగ్ థియేటర్‌లో మైకు దగ్గర నిలబడి చెప్పించారు. లొకేషన్ శబ్దంతో పాటే అందులోని అడుగులు, తలుపులు, గాజుల గలగల, కుర్చీ జరిపిన చప్పుడు అన్నీ పోయాయి. వాటిని ఒక్కొక్కటిగా మళ్లీ పుట్టించాల్సి వచ్చింది. 2001లో 'లగాన్' షూటింగ్ శబ్దంతోనే విడుదల కావడం అప్పట్లో అంత పెద్ద విషయం కావడానికి ఇదే నేపథ్యం. ఆ తర్వాత ఇలా షూటింగ్ శబ్దాన్నే వాడే సింక్ సౌండ్ పెరిగినా తెలుగులో డబ్బింగే ఎక్కువ.

చిక్కు ఎక్కడుందంటే, డబ్బింగ్ మాట మైకుకు జానెడు దూరంలో, ప్రతిధ్వని లేని గదిలో రికార్డవుతుంది. ఫోలీ కూడా ఇంకో మూగ గదిలో, మైకు పాదాల దగ్గరే పెట్టి రికార్డు చేస్తే రెండూ మన చెవి పక్కనే ఉంటాయి. తెర మీద మనిషి పదడుగుల దూరంలో ఉంటాడు. అప్పుడు చప్పుడు ఎంత తగ్గించినా అది దగ్గరి చప్పుడు చిన్నగా వినిపించినట్టే ఉంటుంది కానీ దూరం జరగదు. అందుకే ఫోలీ మైకును వెనక్కి జరపాలి. మీటరు, మీటరున్నర దూరం నుంచి తీసిన అడుగు మొదటి నుంచే కింద కూర్చుంటుంది. తర్వాత మాటకూ అడుగుకూ ఒకే గది ప్రతిధ్వనిని కలపాలి. ఈ రెండూ చేయకుండా శబ్దం పెంచి తగ్గించే ఫేడర్‌తో కుస్తీ పడితే ఏమీ దక్కదు.

మాగ్నెటిక్ టేపు, దాని తర్వాత 1970లలో డాల్బీ స్టీరియో, 1990లలో డిజిటల్ శబ్దం వచ్చాక బుస పోయింది. ఇప్పుడు ఎన్ని ట్రాకులు పెట్టినా వినపడతాయి. దాంతో ప్రతి అడుగూ పెట్టాలన్న ఆరాటం మొదలైంది. అమెరికన్ ఎడిటర్ వాల్టర్ మర్చ్ 1970ల మొదట్లో ఒక విషయం గమనించాడు. ఒకరు నడిస్తే అడుగులు బొమ్మతో కచ్చితంగా కలవాలి, ఇద్దరు నడిచినా కలవాలి. ముగ్గురయ్యేసరికి ఏ అడుగు ఎవరిదో మనసు లెక్క పెట్టడం మానేస్తుంది, నడుస్తున్నారన్న భావన ఉంటే చాలు. మాట కింద చప్పుడు పేర్చడానికి ఇంతకంటే పనికొచ్చే సూత్రం నాకు కనపడలేదు. ఇద్దరు మాట్లాడుకుంటూ నడిచే సీన్లో చెవి ఇప్పటికే రెండు మాటల ధారలను పట్టుకుని ఉంటుంది. మూడో ధారకు అక్కడ చోటు చాలా తక్కువ.

ఒక సీన్ తీసుకుందాం. రాత్రి, షాబాద్ బండలు పరిచిన ఇల్లు. తండ్రి కుర్చీలో ఉన్నాడు. కొడుకు హవాయి చెప్పులతో లోపలికి వచ్చి, తలుపు వేస్తూ అంటాడు: "బాబాయికి ఇంకా ఇవ్వలేదు నాన్నా."

ముందు చెప్పులు. హవాయి చెప్పు అడుగులో రెండు చప్పుళ్లు ఉంటాయి. అట్ట నేలకు తగిలిన మెత్తని దెబ్బ ఒకటి, వెంటనే అది మడమకు కొట్టుకున్న 'చప్' ఇంకొకటి. (రెడీమేడ్ ఎఫెక్ట్స్ లైబ్రరీల్లో ఎక్కువగా దొరికేవి చెక్క నేల మీద బూట్లు. వాటిని మన ఇళ్లలో పెడితే ఎంత తగ్గించినా అతకవు.) ఆ 'చప్' రెండు నుంచి ఐదు వేల హెర్ట్జ్ మధ్య బలంగా ఉంటుంది. క, చ, త లాంటి హల్లులు తేటగా వినపడేదీ దాదాపు ఆ ప్రాంతంలోనే. అందుకే ఈ రెండు చప్పుళ్లనూ రెండు ట్రాకుల్లో వేరుగా తీయడం మంచిది. మాట మొదలు కాకముందు పడే రెండడుగులు పూర్తిగా వినిపించాలి, అవి వచ్చినవాడెవడో చెబుతాయి. మాట మొదలయ్యాక 'చప్' పొరను బాగా తగ్గించి, నేల దెబ్బను మాత్రం మాటకంటే ఓ పన్నెండు, పదిహేను డెసిబెల్‌ల కింద ఉంచి చూడండి. ఇది మొదలుపెట్టడానికి ఒక లెక్క మాత్రమే, తర్వాత చెవి చెప్పినట్టు వినాలి. తగ్గించడం కూడా షాట్ మారేచోట గానీ, రెండు మూడు అడుగుల మీద మెల్లగా గానీ జరగాలి. హఠాత్తుగా తగ్గితే నడిచేవాడు మాయమైనట్టు ఉంటుంది.

ఇక తలుపు. కొడుకు "ఇవ్వలేదు" అంటున్నప్పుడే తలుపు ధభీమని పడితే 'లేదు' పోతుంది, తండ్రి మొహంలో కోపం ఎందుకో ప్రేక్షకుడికి తెలియదు. తెలుగులో క్రియ వాక్యం చివరికి వస్తుంది, అవునో కాదో తేలేదీ అక్కడే. పైగా పెద్ద చప్పుడు ఆగిపోయాక కూడా నూరు, రెండు వందల మిల్లీసెకన్ల దాకా దాని తర్వాత వచ్చే చిన్న శబ్దాలను చెవి సరిగా పట్టుకోలేదు. అంటే తలుపు మాటకు కొంచెం ముందు పడినా నష్టమే.

షాట్‌లో తండ్రి మొహమే ఉంటే సమస్య లేదు, తలుపును ఆరు ఫ్రేములు వెనక్కి, అంటే పావు సెకను ఆలస్యంగా జరపొచ్చు. తలుపు తెర మీద కనిపిస్తుంటే అంత స్వేచ్ఛ ఉండదు. శబ్దం బొమ్మకంటే ముందు వస్తే సుమారు 45 మిల్లీసెకన్లకే పట్టేస్తాం. ఆలస్యంగా వస్తే 125 దాకా తేడా తెలియదు. కాబట్టి మూడు ఫ్రేములు ఆలస్యం చేసుకోవచ్చు, ముందుకు మాత్రం లాగకూడదు. అదీ చాలకపోతే తలుపును విడదీయాలి. కీచుమన్న బందు, చెక్కకు చెక్క తగిలిన బరువు, గడియ పడిన చప్పుడు, ఈ మూడూ మూడు పొరలు. బందు చప్పుడును మాటకు ముందున్న ఖాళీలో ముగించేయండి. బరువు దెబ్బలో కింది ఫ్రీక్వెన్సీలు ఉంచి, వెయ్యి నుంచి నాలుగు వేల హెర్ట్జ్ దాకా తగ్గించండి. గడియను "నాన్నా" అయిపోయాక వేయండి. కొడుకు చేయి గడియ మీదకు వెళ్లేది ఎలాగూ తలుపు పడ్డాకే. ప్రేక్షకుడు తలుపు గట్టిగా మూసుకుందని నమ్మేది ఆ గడియ వల్లే, అది ఏ మాటకూ అడ్డు రాదు.

కుదిరిందో లేదో తెలుసుకోవడానికి ఆ సీన్‌ను ఫోన్ స్పీకర్‌లో చిన్న వాల్యూమ్‌తో, కథ తెలియని మనిషికి వినిపించండి. కొడుకు ఇచ్చాడా, ఇవ్వలేదా అని అడగండి. స్క్రిప్టు చదివిన మన చెవులు మింగేసిన అక్షరాన్ని కూడా పూరించుకుని వింటాయి, వాటిని నమ్మలేం.

ఇప్పుడు ఇందులో కొత్త చిక్కు చేరింది. తెలుగు సినిమాలు హిందీ, తమిళం, మలయాళంలోకి వెళ్తున్నాయి. ఆ డబ్బింగ్‌కు మాటలు లేని మ్యూజిక్ అండ్ ఎఫెక్ట్స్ ట్రాక్ ఇవ్వాలి. సింక్ సౌండ్‌తో తీసిన సినిమాలో మాట తీసేస్తే దానితో కలిసి ఉన్న అడుగులూ పోతాయి కాబట్టి, తెలుగు వెర్షన్‌లో అవసరం లేని ఫోలీ కూడా పూర్తిగా చేయాల్సి వస్తోంది. తెలుగు మాటల ఖాళీల్లో మనం జాగ్రత్తగా కూర్చోబెట్టిన గడియ చప్పుడు ఇంకో భాషలో సరిగ్గా ఒక మాట మీద పడొచ్చు. అందుకే ఆ తలుపు మూడు పొరలనూ కలిపేయకుండా విడివిడిగానే అప్పగించడం మేలు. ఏ పొర ఎక్కడికి జరపాలో ఆ భాషలో మిక్స్ చేసేవాళ్లు వాళ్ల వాక్యాన్ని బట్టి చూసుకుంటారు.