రెండో రూటర్ వెనుక నుంచి ప్రింటర్‌కు: స్టాటిక్ రూట్‌పై అపోహలు, వాస్తవాలు

చిన్న ఆఫీసులకు నెట్‌వర్క్ పనులు చేసే నన్ను తరచుగా పిలిచేది ఒకే ఫిర్యాదుతో. కింద మొదటి రూటర్, దాని దగ్గరే ప్రింటర్. పైన ఇంకో రూటర్, దాని వెనుక కంప్యూటర్లు. పైనుంచి ప్రింట్ రావడం లేదు. నేను వెళ్లేసరికి ఎవరో ఒకరు "స్టాటిక్ రూట్ రాయాలి" అని చెప్పి, ఏదో ఒక రూటర్‌లో ఏదో ఒకటి రాసి ఉంటారు. స్టాటిక్ రూట్ అంటే ఫలానా నెట్‌వర్క్‌కు ఎటు వెళ్లాలో రూటర్‌లో చేత్తో రాసి పెట్టే దారి. అది మంచి సాధనమే. అయితే అది ఏ సమస్యను తీరుస్తుందో, దాన్ని ఎక్కడ రాయాలో తెలియక చాలామంది గంటలకు గంటలు పోగొట్టుకుంటున్నారు. ఈ మధ్య ఒక ఆడిటర్ ఆఫీసులో చేసిన పనినే ఉదాహరణగా తీసుకుని చెబుతాను.

ఆ ఆఫీసు కింది అంతస్తులో మొదటి రూటర్ చిరునామా 192.168.1.1, ప్రింటర్ 192.168.1.50. పై అంతస్తు రూటర్‌కు రెండు ముఖాలు. కింది నుంచి వచ్చిన కేబుల్ తగిలించిన వాన్ వైపు అది 192.168.1.2, తన సొంత కంప్యూటర్ల వైపు 192.168.20.1. కింద వచ్చిపోయే క్లయింట్లు కూడా వైఫై వాడతారు కాబట్టి, లెక్కల ఫైళ్లున్న కంప్యూటర్లను పైన విడిగా ఉంచాలని ఆడిటర్ గారి కోరిక. అలా విడదీయాల్సిన అవసరం మీకు లేకపోతే రెండో రూటర్‌ను యాక్సెస్ పాయింట్ మోడ్‌లో పెట్టండి. అంతా ఒకే నెట్‌వర్క్ అవుతుంది, రూట్ మాటే ఉండదు.

అపోహ: కంప్యూటర్ చూపే జాబితాలో ప్రింటర్ కనిపించడం లేదంటే దారి లేదని అర్థం.

ఎక్కువమంది మోసపోయేది ఇక్కడే. ఇళ్లకు, చిన్న ఆఫీసులకు అమ్మే రూటర్లలో నాట్ అనే చిరునామా మార్పిడి మొదటి నుంచే పని చేస్తూ ఉంటుంది. పైనున్న ల్యాప్‌టాప్ ప్రింటర్‌కు పంపే ప్రతి ప్యాకెట్ మీదా రెండో రూటర్ తన చిరునామా 192.168.1.2 వేసి కిందికి పంపుతుంది. ప్రింటర్‌కు అది తన పక్కనున్న పరికరం పంపినట్టే ఉంటుంది, కాబట్టి నేరుగా జవాబిస్తుంది. అంటే పైనుంచి కిందికి దారి ముందే ఉంది. ఏ రూటూ రాయనక్కర్లేదు.

మరి జాబితాలో ఎందుకు కనిపించదు? ప్రింటర్లు తమ ఉనికిని చాటుకునే పద్ధతి వేరు. ఎండీఎన్‌ఎస్ అనే పద్ధతిలో 224.0.0.251 అనే ఉమ్మడి చిరునామాకు కేకలు వేస్తాయి. ఆ కేక తన నెట్‌వర్క్ గడప దాటదు. రూటర్లు దాన్ని అవతలికి పంపవు. మీరు వంద స్టాటిక్ రూట్లు రాసినా ఈ సంగతి మారదు.

తేల్చుకోవడానికి అర నిమిషం చాలు. పై అంతస్తు కంప్యూటర్‌లో బ్రౌజర్ తెరిచి http://192.168.1.50 అని కొట్టండి. ప్రింటర్ సొంత పేజీ తెరుచుకుంటే దారి బాగున్నట్టే. ఇక విండోస్‌లో వెతికే పద్ధతి వదిలేసి, ఐపీ చిరునామా ఇచ్చి ప్రింటర్‌ను చేర్చండి. అది సాధారణంగా 9100 పోర్టు మీద మాట్లాడుతుంది. మొదటి రూటర్‌లోని డీహెచ్‌సీపీ రిజర్వేషన్‌లో ప్రింటర్ చిరునామాను స్థిరం చేయడం మాత్రం మరవకండి, లేకపోతే కరెంటు పోయి వచ్చాక చిరునామా మారి మళ్లీ మొదటికి వస్తుంది. ఫోన్లతోనే కొంచెం ఇబ్బంది, ఎందుకంటే అవి ఎక్కువగా ఆ కేక మీదే ఆధారపడతాయి. ఆ కేకను అటు నుంచి ఇటు మోసే రిపీటర్ సదుపాయం కొన్ని రూటర్లలో ఉంటుంది; ఉంటే వాడుకోండి.

ఒక్క మినహాయింపు: రెండు రూటర్ల వెనుకా 192.168.1 తో మొదలయ్యే చిరునామాల వరుసే ఉంటే ఏదీ పని చేయదు. ప్రింటర్ తన పక్కనే ఉందనుకుని ల్యాప్‌టాప్ దాన్ని పై అంతస్తులోనే వెతుకుతుంది. రూట్ రాసే ముందు రెండో రూటర్ లోపలి వరుస మార్చండి.

అపోహ: దారి తెలియనిది రెండో రూటర్‌కు, కాబట్టి రూట్ అక్కడే రాయాలి.

ఆడిటర్ ఆఫీసులో నాకంటే ముందు వచ్చిన వ్యక్తి రెండో రూటర్‌లో 192.168.1.0 కు దారి 192.168.1.1 అని రాసి వెళ్లారు. రెండో రూటర్ వాన్ కేబుల్ ఆ నెట్‌వర్క్‌లోనే ఉంది. తాను నిలబడ్డ వీధికి దారి తెలియకపోవడం ఉండదు. ఆ రూట్ వల్ల ఒరిగేదేమీ లేదు. చాలా రూటర్లు అలాంటిది రాస్తే ఒప్పుకోవు కూడా.

అసలు ఆ ఆఫీసులో రూట్ అవసరం ఎందుకు వచ్చిందంటే, ప్రింటింగ్ వల్ల కాదు, స్కానింగ్ వల్ల. పైన ముగ్గురు ఉద్యోగులకు తాము స్కాన్ చేసిన కాగితం తమ తమ కంప్యూటర్‌లోని ఫోల్డర్‌కు చేరాలి. ప్రింట్ చేసేటప్పుడు మాట మొదలుపెట్టేది కంప్యూటర్. స్కాన్ చేసేటప్పుడు మొదలుపెట్టేది ప్రింటర్. నాట్ వెనుక ఉన్న కంప్యూటర్‌ను బయటి నుంచి పిలవడం కుదరదు. బయటి పిలుపును లోపలి కంప్యూటర్‌కు మళ్లించే పోర్ట్ ఫార్వర్డింగ్ చేస్తే ఒక కంప్యూటర్‌కు సరిపోతుంది, ముగ్గురికి కాదు. అందుకే రెండో రూటర్‌లో నాట్ ఆపేయాలని నిర్ణయించాను.

నాట్ ఆపేస్తే ఏమవుతుందో ఒక ప్యాకెట్ వెంట నడిచి చూద్దాం. పైనున్న 192.168.20.35 ప్రింటర్ పేజీ అడుగుతుంది. రెండో రూటర్ ఆ ప్యాకెట్‌ను పంపినవారి చిరునామా మార్చకుండా కిందికి వదులుతుంది. ప్రింటర్‌కు అది అందుతుంది. జవాబు ఇవ్వబోతే 192.168.20.35 తన వరుసలోనిది కాదు, కాబట్టి తన గేట్‌వే అయిన 192.168.1.1 చేతిలో పెడుతుంది. మొదటి రూటర్‌కు 20 వరుస ఎక్కడుందో తెలియదు. తెలియని చిరునామాలన్నింటినీ పంపినట్టే దీన్నీ ఇంటర్నెట్ వైపు పంపేస్తుంది. జవాబు అక్కడే గల్లంతవుతుంది. వెళ్లే దారి ఉంది, తిరుగు దారి లేదు. తిరుగు దారి చెప్పాల్సింది మొదటి రూటర్‌కే:

```
Destination: 192.168.20.0
Mask:        255.255.255.0
Gateway:     192.168.1.2
```

మూడో లైనులో చాలామంది 192.168.20.1 అని రాస్తారు. అది తప్పు. గేట్‌వే అంటే మొదటి రూటర్ నేరుగా చేయి చాచి అందుకోగల చిరునామా అయి ఉండాలి, అంటే రెండో రూటర్ వాన్ చిరునామా. అది మారిపోతే రూట్ ఎటూ చేరదు కాబట్టి దాన్నీ స్థిరం చేయాలి. ముందు ఈ రూట్ రాసి, ఆ తర్వాతే నాట్ ఆపండి. ఆపిన వెంటనే పై అంతస్తులో ఇంటర్నెట్ వస్తోందో లేదో చూడండి. కొన్ని రూటర్లు తమ సొంత వరుసకు తప్ప వేరే వరుసకు ఇంటర్నెట్ వైపు నాట్ చేయవు. అలాంటిదైతే మొదటి రూటర్ మార్చాలి, లేదా రెండో రూటర్‌లో నాట్ తిరిగి పెట్టాలి. మధ్యే మార్గం లేదు.

అపోహ: రూటర్లు సరిచేస్తే చాలు, ప్రింటర్ జోలికి వెళ్లనక్కర్లేదు.

రూట్ రాసి, నాట్ ఆపాను. ఇంటర్నెట్ వచ్చింది. కింది నుంచి ప్రింట్ వస్తోంది. పైనుంచి మాత్రం నిన్నటి దాకా వచ్చిన ప్రింట్ కూడా ఆగిపోయింది. పైనుంచి 192.168.1.1 కు పింగ్ చేస్తే జవాబు వచ్చింది. అంటే రూట్ పని చేస్తోంది. 192.168.1.50 కు చేస్తే మౌనం.

కిందికి దిగి ప్రింటర్ తెర మీద నెట్‌వర్క్ సెట్టింగులు తెరిచాను. చిరునామా చేత్తో ఇచ్చారు, మాస్క్ సరిగ్గానే ఉంది. గేట్‌వే దగ్గర 0.0.0.0 అని ఉంది. పెట్టిన రోజున ఎవరూ దాన్ని నింపలేదు, నింపాల్సిన అవసరమూ రాలేదు. నాట్ ఉన్నంత కాలం అడిగేవారంతా ప్రింటర్‌కు సొంత వరుసలోని వారిగానే కనిపించారు. ఇప్పుడు బయటి వరుస నుంచి పిలుపు వస్తే జవాబును ఎవరి చేతిలో పెట్టాలో దానికి తెలియదు. అక్కడ 192.168.1.1 అని నింపి ప్రింటర్‌ను ఆపి మళ్లీ వేశాను. పైన పేజీ తెరుచుకుంది. కింది నుంచి పని చేస్తూ పైనుంచి చేయని ప్రింటర్ కనబడితే నేను మొదట చూసేది ఈ గడినే. కొన్ని ప్రింటర్లలో ఏ చిరునామాల నుంచి పని తీసుకోవాలో చెప్పే వడపోత కూడా ఉంటుంది. అదీ ఒకసారి చూడండి.

అపోహ: రూట్ సరిగ్గా ఉంటే జవాబు తప్పక చేరుతుంది.

పైన చెప్పిన దారిని మళ్లీ చూడండి. పిలుపు రెండో రూటర్ నుంచి నేరుగా ప్రింటర్‌కు వెళ్లింది, మొదటి రూటర్ దాన్ని చూడలేదు. జవాబు మాత్రం మొదటి రూటర్ గుండా పోతోంది. కొన్ని రూటర్ల ఫైర్‌వాల్ సంభాషణ మొదలు చూడకుండా మధ్యలో వచ్చిన మాటను అనుమానించి పారేస్తుంది. రూట్ సరిగ్గా ఉన్నా, గేట్‌వే సరిగ్గా ఉన్నా ప్రింట్ రాదు.

దీన్ని నిర్ధారించడానికి నేను చేసేది, ప్రింటర్ గేట్‌వేను తాత్కాలికంగా 192.168.1.2 కు మార్చడం. అప్పుడు జవాబు మొదటి రూటర్‌ను తాకకుండా నేరుగా రెండో రూటర్‌కు వెళుతుంది. వెంటనే పని చేస్తే దోషం మొదటి రూటర్ ఫైర్‌వాల్‌ది. ఇంటర్నెట్ కంపెనీ ఇచ్చిన రూటర్‌లో స్టాటిక్ రూట్ పేజీయే లేనప్పుడు కూడా ఈ మార్పు ప్రింటర్ వరకు ఆదుకుంటుంది. అయితే స్కాన్‌ను ఈమెయిల్‌కు పంపడం వంటి ఇంటర్నెట్ పనులు ప్రింటర్‌లో ఆగిపోవచ్చు, వాటినీ పరీక్షించాకే అలా వదిలేయండి.

అపోహ: నాట్ ఆపితే లోపలికి తలుపులు తెరుచుకుంటాయి.

నాట్ వేరు, ఫైర్‌వాల్ వేరు. నాట్ ఆపినా రెండో రూటర్ వాన్ వైపు నుంచి వచ్చే కొత్త పిలుపులను ఫైర్‌వాల్ సాధారణంగా ఆపుతూనే ఉంటుంది. అందుకే ప్రింట్ వచ్చాక కూడా స్కాన్ వెళ్లలేదు. రెండో రూటర్‌లో ఒకే ఒక్క అనుమతి రాశాను: 192.168.1.50 నుంచి ఆ మూడు కంప్యూటర్లలో ఫైల్ షేరింగ్ జరిగే టీసీపీ 445 పోర్టుకు మాత్రమే. కింది వైఫైలోని క్లయింట్లకు ఇది వర్తించదు.

అప్పటికీ స్కాన్ చేరలేదు. చివరి అడ్డు విండోస్‌లో ఉంది. ఫైల్ షేరింగ్‌కు సంబంధించిన ఫైర్‌వాల్ నియమం మామూలుగా సొంత వరుసలోని వారినే రానిస్తుంది. మూడు కంప్యూటర్లలోనూ ఆ నియమంలో అనుమతించే చిరునామాల జాబితాకు 192.168.1.50 చేర్చాను. ముగ్గురిలో ఒకరు కిందికి వెళ్లి ఒక రసీదును స్కాన్ చేశారు, పైన ఆయన ఫోల్డర్‌లో ఆ ఫైలు కనిపించింది.