అద్దె తగ్గించమని అడిగితే లీజే చేజారవచ్చు: ఆఫీసు రెన్యువల్ లేఖపై అపోహలు - వాస్తవాలు

ఆఫీసుల లీజు పత్రాలు రాయడం నా వృత్తి. గడువు ముగిసే ముందు అద్దెదారు యజమానికి పంపే లేఖను చాలామంది మర్యాద కోసం రాసే ఉత్తరంగా చూస్తారు. చట్టం దాన్ని అలా చూడదు. మాట స్పష్టంగా ఉండడానికి ఒక ఉదాహరణ తీసుకుందాం.

హైదరాబాద్ బేగంపేటలో ఒక ఆఫీసు ఉంది. అద్దె నెలకు 1,20,000 రూపాయలు. లీజు 2026 మార్చి 31తో ముగుస్తుంది. పత్రంలో ఇలా ఉంది: అద్దెదారు గడువుకు కనీసం మూడు నెలల ముందు రాతపూర్వకంగా కోరితే, 15 శాతం పెంపుతో మరో మూడేళ్లకు రెన్యువల్ ఇవ్వాలి.

అపోహ: తక్కువ అద్దె ప్రతిపాదిస్తూ లేఖ రాస్తే రెన్యువల్ కోరినట్టే.

అన్నిటికన్నా ప్రమాదకరమైన అపోహ ఇదే. పత్రం ఇచ్చిన హక్కు 15 శాతం పెంపుతో ఇచ్చినది. “5 శాతం పెంపుతో అయితే కొనసాగుతాం” అని రాస్తే ఆ హక్కును వాడుకున్నట్టు కాదు, కొత్త బేరం మొదలుపెట్టినట్టు. యజమాని జవాబివ్వకుండా డిసెంబరు 31 దాటించాడంటే, హక్కు మిగలలేదని వాదించే అవకాశం అతనికి దొరుకుతుంది. రెన్యువల్ కోరడానికి పెట్టిన గడువును కచ్చితంగా పాటించాల్సిందేనని కాల్టెక్స్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఆలస్యానికి మామూలుగా మన్నింపు ఉండదు.

అందుకే లేఖను రెండు భాగాలుగా రాయిస్తాను. మొదటి భాగంలో షరతులేవీ ఉండవు:

“మన లీజు పత్రంలోని రెన్యువల్ నిబంధన ప్రకారం, అందులో పేర్కొన్న షరతులపైనే, 2026 ఏప్రిల్ 1 నుంచి మరో మూడేళ్లకు లీజును రెన్యువల్ చేసుకుంటున్నామని ఇందుమూలంగా తెలియజేస్తున్నాము.”

ఆ తర్వాత, “పై కోరికకు ఎలాంటి భంగం లేకుండా, ఈ కింది మార్పులను మీ పరిశీలనకు పంపుతున్నాము” అని బేరం మొదలుపెట్టాలి. యజమాని ఒప్పుకోకపోయినా పాత షరతులపై హక్కు నిలుస్తుంది. అయితే, అప్పుడు ఆ 15 శాతం కట్టాల్సిందే. అది కట్టే ఉద్దేశం లేనివారు మొదటి భాగం రాయకూడదు, వారు ప్రతిపాదన ఒక్కటే పంపాలి. పత్రంలో “ఇరుపక్షాల అంగీకారంతో రెన్యువల్” అని మాత్రమే ఉంటే, కాపాడుకోవడానికి హక్కంటూ పెద్దగా ఏమీ లేదు.

అపోహ: వ్యాపారం బాగాలేదని రాస్తే యజమాని తగ్గిస్తాడు.

అది చదివిన యజమానికి ముందు కలిగేది, అద్దె సరిగా వస్తుందా అన్న అనుమానం. అతనికి లాభం ఎక్కడుందో లెక్కతో చూపడం మేలు. మన ఉదాహరణలో 15 శాతం ఒకేసారి పెంచి, మూడేళ్లూ అలాగే ఉంచితే నెలకు 1,38,000 చొప్పున మొత్తం 49,68,000 అవుతుంది. ఏటా 5 శాతం పెంచితే 1,26,000, తర్వాత 1,32,300, చివరి ఏడాది 1,38,915. మొత్తం 47,66,580. అద్దెదారుకు సుమారు రెండు లక్షలు మిగులుతాయి. యజమానికి మాత్రం తర్వాతి రెన్యువల్ లెక్క మొదలయ్యే అద్దె 915 రూపాయలు ఎక్కువే ఉంటుంది. ఈ చివరి మాటను లేఖలో తప్పకుండా రాయండి.

దానికి బదులుగా మీరిచ్చేదీ చెప్పండి. మొదటి 18 నెలలు ఖాళీ చేయబోమని లాక్-ఇన్‌కు ఒప్పుకోవడం యజమానికి విలువైన హామీ. పైకప్పు లీకేజీ బాగుచేయడం, జనరేటర్ కనెక్షన్ ఇవ్వడం, డిపాజిట్ పెంచకపోవడం లాంటివి ఈ హామీకి ఎదురుగా అడగాలి. “తగిన మరమ్మతులు” అని రాస్తే ఎవరికీ ఉపయోగం లేదు. ఏ పని, ఏ తేదీలోగా, ఎవరి ఖర్చుతో అన్నది రాయండి. జీఎస్టీ అద్దెలో కలిసి ఉందా, అదనమా అన్నదీ తేల్చండి. 1,26,000 మీద 18 శాతం అంటే నెలకు 22,680 రూపాయల తేడా.

అపోహ: మెయిల్ పెడితే చాలు.

నోటీసు ఎలా పంపాలో లీజు పత్రంలోనే సాధారణంగా ఉంటుంది. అదే పద్ధతి, అదే చిరునామా పాటించండి. యజమాని మరణించి, ఆస్తి పిల్లలకు ఉమ్మడిగా వచ్చి ఉంటే అందరి పేర్లా పంపాలి. డిసెంబరు 31 నాటికి లేఖ వారి చేతికి అందాలి కాబట్టి నవంబరులోనే పంపి, అందినట్టు రుజువు దాచుకోండి.

అపోహ: గడువు తర్వాత కూడా అద్దె తీసుకుంటున్నాడు కాబట్టి మరో మూడేళ్లు ఖాయం.

కాదు. ఆస్తి బదిలీ చట్టం సెక్షన్ 116 కింద అది, వేరే ఒప్పందం లేకపోతే, ఆఫీసుల విషయంలో నెలనెలా సాగే అద్దె అవుతుంది. సెక్షన్ 106 ప్రకారం 15 రోజుల నోటీసుతో దాన్ని ముగించవచ్చు. లక్షలు పెట్టి క్యాబిన్లు కట్టించుకున్నవారికి 15 రోజులు ఏ మూలకూ చాలవు.

యజమాని “సరే” అని జవాబు రాసినా పని పూర్తి కాదు. ఏడాదికి మించిన లీజు రిజిస్టర్ కావాలని సెక్షన్ 107 చెబుతోంది. కాబట్టి కొత్త పత్రం ముసాయిదాను లేఖతోపాటే జత చేసి, మార్చి 31 లోగా సబ్ రిజిస్ట్రార్ కార్యాలయంలో రిజిస్టర్ చేయించే తేదీని కూడా అందులోనే ప్రతిపాదించండి.