గొంతు ముందు వాపు: గాయిటరా, నాడ్యూలా? కొన్ని అపోహలు - వాస్తవాలు

గొంతు ముందు వాపుందని ఎవరైనా వస్తే, ముందు గ్లాసుడు నీళ్లిచ్చి గుటక వేయమంటాను. గుటకతోపాటు వాపు కూడా పైకి లేచి కిందికి దిగితే, అది చాలావరకు థైరాయిడ్‌కు సంబంధించినదే. ఆ గ్రంథి శ్వాసనాళాన్నీ స్వరపేటికనూ అంటిపెట్టుకుని ఉంటుంది. మింగేటప్పుడు అవి పైకి జరుగుతాయి కాబట్టి ఇదీ జరుగుతుంది. ఆ తర్వాత నాలుక చాపమంటాను. మధ్యలో ఉన్న గడ్డ అప్పుడు కూడా పైకి లాగినట్టు కదిలితే, అది థైరాయిడ్ గడ్డ కాకుండా పుట్టుకతో మిగిలిపోయిన నాళంలోని నీటితిత్తి కావచ్చు.

అపోహ: గాయిటర్, నాడ్యూల్ రెండూ ఒకటే.

గ్రంథి మొత్తంగా పెరిగితే గాయిటర్ అంటాం. అయోడిన్ లోపంలో, ఒంట్లోని రోగనిరోధక శక్తే థైరాయిడ్ మీద పడే హాషిమోటో, గ్రేవ్స్ జబ్బుల్లో ఇలా పెరుగుతుంది. గ్రంథి లోపల ఒకచోట విడిగా గడ్డ కడితే అది నాడ్యూల్. అయితే చాలా నాడ్యూల్స్ చేరి గ్రంథే పెద్దదయ్యే సందర్భాలు మామూలే. దాన్ని మల్టీనాడ్యులర్ గాయిటర్ అంటారు. అంటే ఒకే మెడలో రెండూ ఉండొచ్చు. చేత్తో తడిమి తేల్చలేనిది అల్ట్రాసౌండ్‌లో తేలుతుంది.

అపోహ: టీఎస్‌హెచ్ నార్మల్ వచ్చింది, ఇక భయం లేదు.

నా దగ్గరికి వచ్చేవాళ్లలో ఎక్కువమంది నమ్మేది ఇదే. టీఎస్‌హెచ్ అనే రక్తపరీక్ష చెప్పేది గ్రంథి పనితీరు గురించి మాత్రమే, గడ్డ ఎలాంటిదో చెప్పదు. కరెంటు మీటరు రీడింగు చూసి గోడలో పగులుందో లేదో చెప్పలేం కదా. థైరాయిడ్ క్యాన్సర్ ఉన్న చాలామందిలో టీఎస్‌హెచ్ మామూలుగానే ఉంటుంది.

నలభై అయిదేళ్ల ఆవిడ ఒకరు కుడివైపు వాపు కనిపిస్తోందని వచ్చారు. టీఎస్‌హెచ్ 2.3. "రిపోర్టు బాగానే ఉంది కదండీ, పెద్దగడ్డ ఒక్కటి తీసేస్తే సరిపోదా?" అని అడిగారు. స్కాన్‌లో కుడివైపు గడ్డ 3.2 సెంటీమీటర్లుంది, కానీ లోపలంతా చిన్న చిన్న గదులతో స్పాంజిలా కనిపించింది. అలాంటిది దాదాపు ఎప్పుడూ మామూలు గడ్డే, సూది పరీక్ష కూడా అక్కర్లేదు. ఎడమవైపు 1.4 సెంటీమీటర్ల గడ్డ ఇంకొకటి ఉంది. అది బయటికి కనిపించదు, చేతికీ సరిగా తగలదు. కానీ గట్టిగా, నల్లగా, వెడల్పు కంటే నిలువు ఎక్కువగా, లోపల సుద్దపొడి చల్లినట్టు తెల్లటి చుక్కలతో ఉంది. ఇన్ని అనుమాన లక్షణాలుంటే ఒక సెంటీమీటరు దాటగానే సూది పరీక్ష చేస్తాం. దానికే చేశాం, పాపిల్లరీ రకం థైరాయిడ్ క్యాన్సర్ అని వచ్చింది. రెండువైపులా గడ్డలున్నాయి కాబట్టి గ్రంథి మొత్తం తీశాం. ఇప్పుడు ఆవిడ రోజూ పరగడుపున థైరాయిడ్ హార్మోన్ అయిన థైరాక్సిన్ మాత్ర వేసుకుంటున్నారు, ఇకపై జీవితాంతం వేసుకోవాలి.

అందుకే రిపోర్టులో పెద్ద గడ్డ ఏదని కాకుండా, ఏ గడ్డ ఎలా ఉందో చూడమంటాను. దీనికి రెండోవైపు కూడా ఉంది. థైరాయిడ్ నాడ్యూల్స్‌లో తొంభై శాతానికి పైగా క్యాన్సర్ కానివే. కాబట్టి నాడ్యూల్ అన్న మాట కనపడగానే టెన్షన్ పడి ఆపరేషన్‌కు పరుగెత్తక్కర్లేదు.

టీఎస్‌హెచ్ తక్కువగా వస్తే మాత్రం దారి మారుతుంది. థైరాయిడ్ హార్మోన్ ఎక్కువైతే టీఎస్‌హెచ్ తగ్గుతుంది కాబట్టి, గడ్డే హార్మోన్ ఎక్కువ తయారుచేస్తోందేమో అని న్యూక్లియర్ స్కాన్ చేయిస్తాం. అలా పనిచేసే గడ్డలో క్యాన్సర్ చాలా అరుదు.

అపోహ: సూది పొడిస్తే క్యాన్సర్ పాకుతుంది.

రక్తం తీసే సూదికంటే సన్నటి సూది వాడతాం, స్కాన్‌లో చూస్తూ కొద్ది కణాలు లాగుతాం. దీనివల్ల జబ్బు పాకడం అత్యంత అరుదు. ఎక్కువగా వచ్చే ఇబ్బంది వేరు: కణాలు చాలక రిపోర్టు తేలకపోవడం. అప్పుడు పరీక్ష మళ్లీ చేయాల్సి వస్తుంది.

అపోహ: మాత్రలతోనో అయోడిన్‌తోనో గడ్డ కరుగుతుంది.

టీఎస్‌హెచ్ మామూలుగా ఉన్నవాళ్లకు నాడ్యూల్ తగ్గించడానికి థైరాక్సిన్ ఇవ్వడం ఇప్పుడు సిఫారసు చేయరు. పెద్ద వయసులో అనవసరంగా వాడితే గుండె లయ తప్పడం, ఎముకలు గుల్లబారడం వంటి చిక్కులొస్తాయి. వంటలో అయోడిన్ ఉప్పు మానక్కర్లేదు. కానీ పాత మల్టీనాడ్యులర్ గాయిటర్ ఉన్నవాళ్లు సొంతంగా అయోడిన్ చుక్కలు మొదలుపెడితే హార్మోన్ ఒక్కసారిగా పెరిగి గుండెదడ, చెమటలు, బరువు తగ్గడం మొదలవ్వచ్చు.

అపోహ: నొప్పి లేదు కాబట్టి ప్రమాదం లేదు.

నిజానికి ఉన్నట్టుండి ఉబ్బి నొప్పి పెడితే చాలాసార్లు మామూలు గడ్డ లోపల రక్తం కారడమే కారణం. క్యాన్సర్ గడ్డ ఎక్కువగా నొప్పి లేకుండానే ఉంటుంది. గొంతు బొంగురుపోయి తగ్గకపోయినా, గడ్డ రాయిలా గట్టిపడి గుటకతో కదలడం మానేసినా, మెడ పక్కన బిళ్లలు తగిలినా ఆలస్యం చేయకండి. వారాల్లోనే పెరిగిపోతున్నా, పడుకుంటే ఊపిరి ఆడకపోయినా ఆ రోజే చూపించుకోవాలి.