పదకోశం లేకుండా మాన్యువల్ మొదలుపెట్టకండి: అపోహలు - వాస్తవాలు

లిబ్రేఆఫీస్ రైటర్ గైడ్ లాంటి వందల పేజీల మాన్యువల్‌ని ఇంగ్లిష్ నుంచి తెలుగులోకీ మలేషియా భాష మలయ్‌లోకీ ఒకేసారి తీసుకెళ్లాలంటే ముందు పదకోశం కావాలని అందరూ ఒప్పుకుంటారు. తేడాలొచ్చేది దాన్ని ఎలా తయారు చేయాలన్న దగ్గరే.

అపోహ: కష్టమైన మాటలన్నీ ఏరి పక్కన అర్థాలు రాసేస్తే పదకోశం అయిపోయినట్టే.

అది నిఘంటువు అవుతుంది, మనకు దానితో పని లేదు. ముందు తెరవాల్సింది అసలు మాన్యువల్ కాదు, సాఫ్ట్‌వేర్ తెర మీది మాటలూ వాటి అనువాదాలూ ఉండే `.po` ఫైళ్లు. మెనూల్లో, బటన్ల మీద ఏ మాట ఉందో మాన్యువల్‌లోనూ అదే ఉండాలి, మనకి నచ్చినా నచ్చకపోయినా. వాటిలో ఇంగ్లిష్ మాట ఉండే `msgid` కింద, అనువాదం రాసే `msgstr` ఖాళీగా ఉందంటే ఆ బటన్ వాడేవాళ్లకి ఇంగ్లిష్‌లోనే కనిపిస్తుంది, కాబట్టి మాన్యువల్‌లోనూ దాన్ని ఇంగ్లిష్‌లోనే ఉంచి, అది ఏం చేస్తుందో తెలుగులో చెప్పాలి. ఇలా తెర మీది మాటలు ముందు ఖాయమైతే, చర్చించాల్సిన మాటల జాబితా బాగా తగ్గిపోతుంది.

అపోహ: ఒక ఇంగ్లిష్ మాటకి ఒక వరుస, ఎదురుగా ఒక తెలుగు మాట, ఒక మలయ్ మాట.

అన్నిటికంటే ఎక్కువ నష్టం చేసేది ఇదే. వరుస భావానికి ఉండాలి, మాటకి కాదు. రైటర్‌లో హెడర్, హెడింగ్, టైటిల్ మూడూ వేరు. హెడర్ ప్రతి పేజీ పైభాగంలో వచ్చే చోటు, హెడింగ్ అధ్యాయానికో విభాగానికో పెట్టే స్టైల్, టైటిల్ మొత్తం పత్రం పేరుకి వాడే స్టైల్. తెలుగులో ఈ మూడింటికీ చేతికి ముందు తగిలే మాట "శీర్షిక". ఇద్దరు అనువాదకులు చెరో అధ్యాయం చేస్తున్నప్పుడు ఒకరు హెడర్‌ని, ఇంకొకరు హెడింగ్‌ని శీర్షిక అన్నారనుకోండి, "శీర్షికలో పేజీ నంబర్ పెట్టండి" అని చదివినవాళ్లు ఆ నంబర్‌ని అధ్యాయం పేరు పక్కన పెడతారు, అది వెళ్లి విషయసూచికలో కూడా తేలుతుంది. మలయ్‌లో చిక్కు ఇంకోచోట: హెడర్‌కి "పెంగెపాలా" అని విడిగా మాట ఉంది, కానీ హెడింగ్‌కీ టైటిల్‌కీ "తాజుక్" అనే రాసేస్తారు. అప్పుడు పాఠకులు అధ్యాయాల పేర్లన్నిటికీ టైటిల్ స్టైల్ పెట్టేస్తే విషయసూచిక ఖాళీగా వస్తుంది, ఎందుకంటే మామూలుగా అది హెడింగ్ స్టైళ్లనే ఏరుకుంటుంది.

అందుకే రెండు భాషలకీ ఒకే పట్టిక ఉండాలి. ఒక్కో భావానికి ఒక్కో వరుస, అందులో ఒక వాక్యం నిర్వచనం, మాన్యువల్ నుంచే తీసిన ఒక ఉదాహరణ వాక్యం, వాడకూడని మాట. తెరమీద ఇంకా ఖాయం కాకపోతే నేనైతే తెలుగులో హెడర్, టైటిల్ అలాగే ఉంచి శీర్షికని హెడింగ్‌కి మాత్రమే ఇస్తాను, మలయ్‌లో టైటిల్‌కి "జుదుల్" పెట్టమని అడుగుతాను. ఒక భాషలో చిక్కు బయటపడితే రెండో భాషవాళ్లు కూడా ఆ వరుసని మళ్లీ చూసుకుంటారు, విడివిడి పట్టికలుంటే ఇది జరగదు.

అపోహ: మలయ్‌కి ఇండోనేషియన్ పదకోశం వాడేసుకోవచ్చు.

వద్దు. పాస్‌వర్డ్ మలేషియాలో "కాతా లాలువాన్", ఇండోనేషియాలో "కాతా సాందీ". డౌన్‌లోడ్ మలేషియాలో "మువాత్ తురున్", ఇండోనేషియాలో "ఉందుహ్". ప్రాజెక్ట్‌లో భాష కోడ్ `ms` ఉందో `id` ఉందో మొదటి రోజే చూసుకోండి. మలేషియా పదాలకి అక్కడి ప్రభుత్వ భాషా సంస్థ డేవాన్ బహాసా దాన్ పుస్తకా వారి ఆన్‌లైన్ వెతుకులాట పేజీ మంచి ఆధారం.

అపోహ: పదకోశం అనువాద టూల్‌లో ఎక్కిస్తే తప్పులన్నీ అదే పట్టేస్తుంది.

టూల్ సాధారణంగా అక్షరాలని పోల్చి చూస్తుంది, మన రెండు భాషల్లోనేమో మాట ఊరికే ఉండదు. "దస్త్రం" అని పెడితే "దస్త్రాన్ని", "దస్త్రాలలో" ఉన్నచోట మాట లేదంటుంది. మలయ్‌లో సేవ్‌కి "సింపాన్", ముందు ఉపసర్గ చేరగానే మొదటి అక్షరమే మారి "మెన్యింపాన్" అవుతుంది. ఇలా ఉత్తుత్తి హెచ్చరికలు వందల్లో వస్తే, రెండో రోజుకి ఎవరూ వాటిని చూడరు, నిజమైన తప్పు కూడా వాటి మధ్యే దాక్కుంటుంది. అందుకని పట్టికలో తనిఖీ కోసం ఇంకో గడి పెట్టి, మారని భాగాన్నే రెగెక్స్ అనే వెతుకుడు నమూనాగా రాయాలి, అక్షరం మారేచోట రెండు రూపాలూ `|` తో ఇవ్వాలి:

```
దస్త్ర
(s|ny)impan
```

రెండో వరుస simpan, disimpan, menyimpan, penyimpanan అన్నిటినీ పట్టుకుంటుంది. తెలుగులో ఇంకో విషయం, "ఫోల్డర్‌లో" అన్నప్పుడు మధ్యలో కంటికి కనపడని జడ్‌డబ్ల్యూఎన్‌జే అక్షరం ఒకటుంటుంది, కొందరు టైప్ చేస్తారు, కొందరు చేయరు. ఏదో ఒకటి ముందే ఖాయం చేసుకోకపోతే పాఠకులు వెతికినప్పుడు సగం చోట్ల ఆ మాట దొరక్కపోవచ్చు.

పట్టిక సిద్ధమయ్యాక స్టైల్స్ గురించిన అధ్యాయంలా పదాలు చిక్కగా ఉన్నది ఒకటి తీసుకుని, ఒక్కో భాషలో ఇద్దరితో విడివిడిగా చేయించండి. ఇద్దరూ వేర్వేరు మాటలు రాసిన ప్రతిచోటా పట్టికలో ఒక వరుస తక్కువైనట్టో, నిర్వచనం చాలనట్టో లెక్క. వాటిని సరిచేశాకే మిగతా అధ్యాయాలు పంచండి.