జిల్లా అథ్లెటిక్స్ మీట్ టైమ్‌టేబుల్: అపోహలు - వాస్తవాలు

జిల్లా మీట్ ఆలస్యమైందంటే అందరూ ముఖ్య అతిథి మీదకు తోస్తారు. చాలాసార్లు తప్పు ఆర్డర్ ఆఫ్ ఈవెంట్స్ కాగితంలోనే ఉంటుంది.

అపోహ: హీట్స్ అయిపోగానే ఫైనల్ పెట్టేయొచ్చు, పిల్లలు కుర్రాళ్లే కదా.

200 మీటర్ల వరకు, ఒక రౌండ్‌లో చివరి హీట్‌కూ తర్వాతి రౌండ్‌లో మొదటి పరుగుకూ మధ్య వీలైనంతవరకు కనీసం 45 నిమిషాలు ఉండాలన్నది ప్రపంచ అథ్లెటిక్స్ నియమం. 200 దాటి 1000 మీటర్ల వరకు 90 నిమిషాలు. అందుకే ట్రాక్ టైమ్‌టేబుల్‌ను వెనక నుంచి కాదు, ఈ విరామాల చుట్టూ అల్లాలి.

ఎనిమిది లేన్ల ట్రాక్ మీద అండర్-16 బాలుర 100 మీటర్లకు 38 ఎంట్రీలు వచ్చాయనుకుందాం. ఐదు హీట్స్ అవుతాయి. హీట్‌కు నాలుగు నిమిషాల చొప్పున 9:00కి మొదలుపెడితే చివరిది 9:16కి స్టార్ట్ అయి 9:17లోపు ముగుస్తుంది. నియమం ప్రకారం 10:02కి ముందు ఫైనల్ కుదరదు, కాబట్టి కాగితంలో 10:10 వేయాలి. బాలికల నాలుగు హీట్స్ 9:22 నుంచి 9:34 వరకు నడుస్తాయి, వాళ్ల ఫైనల్ 10:25కి. మధ్యలో 9:40 నుంచి 10:00 దాకా ట్రాక్ ఖాళీ. ఆ ఇరవై నిమిషాలను ఏం చేస్తామన్నదే అసలు ప్రశ్న.

అపోహ: ప్రారంభోత్సవం అయ్యాకే పోటీలు మొదలవ్వాలి.

అలా రాస్తే అతిథి కారు ఎప్పుడొస్తే అప్పుడే మీ మొదటి హీట్. ప్రారంభోత్సవాన్ని ఆ 9:40 ఖాళీలో పెట్టి, దాని పక్కనే ప్రత్యామ్నాయం కూడా రాసి ఉంచండి: అతిథి రాకపోతే బాలబాలికల 1500 మీటర్ల ఫైనల్స్ అప్పుడే నడుస్తాయి, ప్రారంభోత్సవం 10:35కి వెళుతుంది. ఈ రెండు రేసుల వాళ్లను ఎలాగైనా ముందే రిపోర్ట్ చేయించాలి. మార్చ్‌పాస్ట్‌కు 100 మీటర్ల ఫైనలిస్టులను పిలవకూడదు, వాళ్లది వార్మప్ సమయం. ఈ ఒక్క మాట కాగితంలో లేకపోతే పీఈటీలు పిల్లలందరినీ వరుసలో నిలబెట్టేస్తారు.

అపోహ: ఎంట్రీల సంఖ్యను బట్టి హీట్స్ ముందే ఖాయం చేసేయొచ్చు.

38 పేర్లిచ్చిన చోట, పరుగుకు ముందు హాజరు చూసే కాల్ రూమ్‌కు 29 మందే రావడం మామూలే. అప్పుడు ఐదు హీట్స్ అనవసరం, నాలుగు చాలు. ఇక్కడ చాలామంది పట్టించుకోని తేడా ఒకటుంది. నాలుగు హీట్స్ అయితే ప్రతి హీట్‌లో మొదటి ఇద్దరు, అంటే ఎనిమిది మంది, ఎవరి టైమ్‌తోనూ పని లేకుండా ఫైనల్‌కు వెళతారు. ఐదు హీట్స్ అయితే ఒక్కో హీట్‌లో ప్రథమంగా వచ్చిన ఐదుగురు పోగా మిగిలిన మూడు లేన్లు టైమ్ చూసి ఇవ్వాలి. చేతి గడియారాలతో 12.1 టైమ్ ముగ్గురికి వచ్చి లేన్ ఒక్కటే మిగిలితే చివరికి చీటీలు తీయాల్సిందే. ఆ గొడవలోనే పావుగంట పోతుంది.

కాబట్టి కాగితంలో రెండు సూత్రాలూ రాయండి: ‘5 హీట్స్ అయితే ప్రథమ + 3 టైమ్‌లు, 4 హీట్స్ అయితే మొదటి ఇద్దరు’. ఎన్ని హీట్స్ అన్నది కాల్ రూమ్ మూసేటప్పుడే తేల్చాలి, స్టార్టర్ దగ్గర కాదు. మొదటి హీట్ టైమ్ మాత్రం జరపకూడదు. మిగిలిన నాలుగు నిమిషాలను తర్వాతి ఆలస్యానికి దాచుకోండి.

అపోహ: ఫీల్డ్ ఈవెంట్లు పక్కన వాటంతట అవే నడుస్తాయి.

లాంగ్‌జంప్‌లో 20 మంది ఉంటే తలా మూడు ప్రయత్నాలకు 60, ఆ తర్వాత ఎనిమిది మందికి మరో మూడేసి, 24. ప్రయత్నానికి నిమిషం లెక్కన 84 నిమిషాలు. ప్రాక్టీస్ జంపులు, ఇసుక చదును చేయడం కలిపితే గంటా నలభై ఐదు నిమిషాలు వేసుకోవాలి. స్ప్రింటర్లే ఎక్కువగా లాంగ్‌జంప్ కూడా దూకుతారు. పైన చెప్పిన టైమ్‌టేబుల్‌లో బాలుర లాంగ్‌జంప్ 9:00కి పెడితే హీట్స్‌తో నేరుగా ఢీకొంటుంది. 11:00కి పెడితే ఢీకొనదు. ఉదయం పిట్ దగ్గర ఇతర వయో విభాగాలను నడపండి. తప్పనిసరై క్లాష్ వస్తే, రిఫరీ అనుమతితో ఆ రౌండ్‌లో ముందో వెనకో దూకొచ్చు. చివరి రౌండ్‌లో ఆ వెసులుబాటు లేదు. పిలిచినప్పుడు లేకపోతే ఆ ప్రయత్నాన్ని వదులుకున్నట్టే.

అపోహ: ఫైనల్ అవ్వగానే పతకాలు ఇచ్చేస్తే ముచ్చటగా ఉంటుంది.

ముచ్చటే. కానీ ఫలితం అధికారికంగా ప్రకటించాక 30 నిమిషాల వరకు అభ్యంతరం చెప్పుకునే హక్కు ఉంది. 10:10 ఫైనల్ ఫలితం 10:18కి మైకులో చెబితే, పతకాలు 10:50కి. లేదంటే మెడలో వేసిన పతకం వెనక్కి అడగాల్సి వస్తుంది. ఒక్కో ఈవెంట్‌కు విడిగా కాకుండా నాలుగైదు కలిపి ఇస్తే ట్రాక్ ఆగదు.

అపోహ: స్టార్ట్ టైమ్ ఒక్కటి రాస్తే చాలు.

ఆ ఒక్కటే ఉంటే పిల్లలు అదే టైమ్‌కు కాల్ రూమ్‌కు వస్తారు. ట్రాక్ ఈవెంట్లకు రిపోర్టింగ్ 25 నిమిషాల ముందు, కాల్ రూమ్ మూత 15 నిమిషాల ముందు అని వేరే గడులు పెట్టండి. లాంగ్‌జంప్, త్రోలకు 40 నిమిషాల ముందు రిపోర్టింగ్. ప్రతి పేజీ పైన సవరణ నంబర్, ముద్రించిన టైమ్ ఉండాలి. లేకపోతే అనౌన్సర్ చేతిలో రాత్రి కాగితం, స్టార్టర్ చేతిలో పొద్దున కాగితం ఉంటాయి.