చివరి తడి ఎవరిది?

నల్లగొండ, మహబూబ్‌నగర్ వైపు చెరువుల కింద యాసంగి వరి మార్చిలో పాలు పోసుకుంటుంది. అప్పుడు తడి అందకపోతే గింజ తాలు పోతుంది. వానకాలంలో ఆ చెరువులోనే వదిలిన రవ్వు, బొచ్చె పిల్లలు అప్పటికి ఇంకా ఎదుగుతూనే ఉంటాయి. తూము ఎత్తితే నీళ్లు తగ్గి వేడెక్కుతాయి. ప్రాణవాయువు చాలక తెల్లవారుజామున చేపలు పైకొచ్చి నోళ్లు తెరుస్తాయి. ఇక మత్స్య సంఘం వాళ్లు అన్నిటినీ ఒక్కసారే పట్టి, వ్యాపారి చెప్పిన ధరకు ఇచ్చేయాలి.

ఇక్కడ ఎవరు ఎవరికి నష్టం చేస్తున్నట్టు? పశువులు పక్క చేలో పడి మేసే తగాదాను తీసుకుని ఆర్థికవేత్త రొనాల్డ్ కోస్ 1960లో ఈ ప్రశ్ననే తిరగేశాడు. నష్టం రెండువైపులా ఉంది, ఒకరిని కాపాడితే రెండోవారు పోగొట్టుకుంటారు, కాబట్టి ఏది పెద్ద నష్టమో చూడాలన్నాడు.

లెక్క కోసం ఇలా అనుకుందాం. చివరి తడి లేకపోతే 60 మంది రైతులకు కలిపి 3 లక్షలు పోతాయి. నీళ్లు వదిలితే సంఘానికి 2 లక్షలు పోతాయి. నీటి హక్కు రైతులదైతే, దాన్ని కొనాలంటే సంఘం 3 లక్షలకు పైగా ఇవ్వాలి. అంత ఇవ్వదు కాబట్టి నీళ్లు వరికే పోతాయి. హక్కు సంఘానిదైతే రైతులు రెండున్నర లక్షలిచ్చి తూము ఎత్తించుకుంటారు. అప్పుడూ నీళ్లు వరికే. హక్కు ఎవరిదైనా నీళ్లు చేరే చోటు మారలేదు, డబ్బు ఎవరి జేబులో పడిందన్నదే మారింది.

అయితే ఇది బేరానికి ఖర్చు లేనప్పటి మాట. రెండున్నర లక్షలు పోగవ్వాలంటే రైతుకు 4,200 దాకా పడుతుంది. కాలువ మొదట్లో ఉన్నాయన ‘నేనివ్వకపోయినా నీళ్లు నా మడి మీదుగానే పోతాయి కదా’ అనుకుంటాడు. చివరి మడి ఆయనకు నీళ్లు తనదాకా వస్తాయన్న నమ్మకమే ఉండదు. ఇలా పదకొండు మంది చేతులు ముడుచుకుంటే మిగతావాళ్ల వాటా 5,000 దాటుతుంది, అంటే తడితో దక్కే లాభం కన్నా ఎక్కువ. వాళ్లూ తప్పుకుంటారు. బేరం చెడి నీళ్లు చెరువులోనే ఆగిపోతాయి, ఊరికి నికరంగా లక్ష నష్టం. ఇప్పుడు హక్కు ఎవరికిచ్చామన్నదే ఫలితాన్ని తేల్చేసింది. కోస్ అసలు చూపించాలనుకున్నది ఈ బేరపు ఖర్చునే అయినా, చాలామంది మొదటి సగం చదివి ఆగిపోతారు.

అందుకే మాట్లాడుకోవలసింది మార్చిలో కాదు, డిసెంబరులో, నాట్లకు ముందు. నాటేశాక రైతు ఇరుక్కుంటాడు, అవతలివాళ్లు ఎంతంటే అంత. నాటకముందైతే చెరువులో ఉన్న నీళ్లు చూసి ఎన్ని ఎకరాలు వేయాలో తగ్గించుకోవచ్చు, కొంత ఆరుతడికి మార్చుకోవచ్చు. తూము రాతి మీద ఒక గుర్తు గీసి, మట్టం అక్కడికి దిగాక తూము మూయాలని రాసుకుంటే 60 మందితో 60 బేరాలు అక్కర్లేదు, గుర్తును ఎవరైనా చూసి చెప్పగలరు. తూము కన్నా కిందనున్న నీళ్లు ఎలాగూ వాటంతట అవి పారవు, కానీ శిఖంలో మోటారు దించితే అవీ పోతాయి. కాబట్టి ఒప్పందంలో తూముతోపాటు మోటార్ల మాట, రాత్రి కాపలా కూలి ఎవరు భరించాలన్న మాట కూడా ఉండాలి.