మీటర్‌లో 180 వస్తే ఇన్వర్టర్ పాడైనట్టేనా? ఆర్‌ఎంఎస్ మీద అపోహలు - వాస్తవాలు

ఎండలు ముదిరితే విజయవాడలో ఇన్వర్టర్లు బాగుచేసే షాపుల్లో ఒకటే మాట పదేపదే వినబడుతుంది: “మీటర్ పెట్టి చూస్తే 255 వస్తోందండీ, ఇంట్లో సామానంతా కాలిపోదా?” ఇంకొకరు అదే కంగారుతో 180 వస్తోందంటారు. ఇద్దరి ఇన్వర్టర్లూ బాగానే ఉండి ఉండవచ్చు, తేడా అంతా మీటర్ ఆర్‌ఎంఎస్‌ని లెక్కగట్టే తీరులో ఉండవచ్చు. ఫ్యాను గుయ్యిమంటోంది కాబట్టి వోల్టేజి ఎక్కువైందన్న మాట కూడా పట్టించుకోనక్కర్లేదు. ఆ మోత వేవ్‌లో కలిసి ఉండే ఎక్కువ ఫ్రీక్వెన్సీ భాగాలు, అంటే హార్మోనిక్స్ వల్ల వచ్చేది.

అపోహ: వేవ్ చేరే గరిష్ఠ వోల్టేజిని, అంటే పీక్‌ను 0.707తో గుణిస్తే ఆర్‌ఎంఎస్ వస్తుంది.

అది సైన్ వేవ్‌కి వచ్చే ఫలితమే గాని నిర్వచనం కాదు. ఒక హీటర్‌లో ఈ వేవ్ ఎంత వేడి పుట్టిస్తుందో, అంతే వేడి పుట్టించే డీసీ వోల్టేజి ఎంతో అదే ఆర్‌ఎంఎస్. ఏ క్షణానికైనా పవర్ v²/R కాబట్టి ముందు వర్గం చేయాలి, తర్వాత ఒక సైకిల్ మొత్తానికి సగటు తీయాలి, ఆఖరున వర్గమూలం. ఈ వరుస తప్పితే జవాబు తప్పుతుంది.

స్క్వేర్ వేవ్ తీసుకోండి. 10 మిల్లీసెకన్లు +230, మరో 10 మిల్లీసెకన్లు -230. వర్గం చేస్తే రెండు సగాల్లోనూ 52,900. ఎప్పుడూ అదే కాబట్టి సగటూ అదే, దాని వర్గమూలం 230. అంటే స్క్వేర్ వేవ్‌కి పీకే ఆర్‌ఎంఎస్. ఇక్కడ 0.707 వాడితే 163 అని తేలుతుంది, అది శుద్ధ తప్పు.

అపోహ: ఏసీలో పెడితే ఏ మీటరైనా ఆర్‌ఎంఎస్ చూపిస్తుంది.

జేబుకు ఎక్కువ చిల్లు పెట్టేది ఇదే. మామూలు మీటర్ వర్గాలు చేయదు. వేవ్‌ని రెక్టిఫై చేసి, సగటు తీసి, దాన్ని 1.11తో గుణించి చూపిస్తుంది. సైన్ వేవ్‌కి ఆ లెక్క సరిగ్గా సరిపోతుంది. పై స్క్వేర్ వేవ్‌కి సగటు 230, దాన్ని 1.11తో గుణిస్తే 255. కస్టమర్‌ని భయపెట్టిన అంకె అదే.

మెట్లు మెట్లుగా వచ్చే వేవ్ విషయంలో ప్రమాదం ఇంకా ఎక్కువ. ఒక్కోటి 5 మిల్లీసెకన్ల చొప్పున +325, సున్నా, -325, మళ్లీ సున్నా అనుకుందాం. వర్గం 1,05,625 ఉండేది 20లో 10 మిల్లీసెకన్లే, కాబట్టి సగటు 52,812, వర్గమూలం దాదాపు 230. ఇన్వర్టర్ సరిగ్గానే ఇస్తోంది. మామూలు మీటర్ మాత్రం సగటు 162.5ని 1.11తో గుణించి 180 చూపిస్తుంది. అది చూసి, పల్స్ వెడల్పు మార్చే ప్రీసెట్‌ని మీటర్‌లో 230 వచ్చేదాకా తిప్పారనుకోండి. పల్స్ 5 నుంచి దాదాపు 6.4 మిల్లీసెకన్లకు వెడల్పవుతుంది. పీక్ అదే 325, ఆర్‌ఎంఎస్ మాత్రం 259కి చేరుతుంది. వేడి వోల్టేజి వర్గాన్ని బట్టి పెరుగుతుంది కాబట్టి హీటర్ లాంటి లోడ్‌లో 27 శాతం అదనం. బ్యాటరీ కూడా ఆ మేరకు త్వరగా దిగిపోతుంది. మీటర్ మాత్రం నిక్షేపంగా 230 చూపిస్తూనే ఉంటుంది!

అందుకే ప్రీసెట్ ముట్టుకునే ముందు మీటర్ మీద ‘ట్రూ ఆర్‌ఎంఎస్’ అని ఉందో లేదో చూడండి. లేకపోతే 100 వాట్ల ఫిలమెంట్ బల్బు ఒకటి తెచ్చి, ఇంటి కరెంటు 230 దగ్గర ఉన్నప్పుడు ఒకసారి, ఇన్వర్టర్ మీద ఒకసారి వెలిగించండి. వెలుగు ఒకేలా ఉంటే ఆర్‌ఎంఎస్ దాదాపు ఒకటే. ఎల్ఈడీ బల్బుతో ఈ పరీక్ష కుదరదు, అందులో డ్రైవర్ ఉంటుంది.

అపోహ: రెక్టిఫై చేస్తే ఆర్‌ఎంఎస్ మారిపోతుంది.

సైన్ వేవ్‌ని ఫుల్ వేవ్‌గా రెక్టిఫై చేస్తే మారదు. కింది సగం పైకి తిరిగినా వర్గంలో మైనస్ గుర్తు ఎలాగూ పోతుంది, కాబట్టి పీక్/√2 అలాగే ఉంటుంది. హాఫ్ వేవ్‌లో మాత్రం వర్గాల సగటు సగమవుతుంది, ఆర్‌ఎంఎస్ పీక్‌లో సగానికి వస్తుంది. పరీక్షల్లో ఎక్కువమంది 0.707ని సగం చేసి 0.354 రాసేది ఇక్కడే.

కొలిచేటప్పుడు ఒక మెలిక ఉంది. 12 వోల్టుల ట్రాన్స్‌ఫార్మర్‌కి కెపాసిటర్ లేకుండా బ్రిడ్జి పెట్టి, డయోడ్ డ్రాప్ వదిలేస్తే, డీసీలో మీటర్ 10.8 చూపిస్తుంది. అది సగటు. చాలా ట్రూ ఆర్‌ఎంఎస్ మీటర్లు ఏసీలో డీసీ భాగాన్ని ఆపేస్తాయి కాబట్టి అక్కడ 5.2 మాత్రమే వస్తుంది. రెండూ రాసుకుని, వర్గాలు కలిపి వర్గమూలం తీయండి: √(10.8² + 5.2²) = 12.